మూడు రిపోర్టులు, ఒక గర్భిణి: హెచ్‌ఐవీ పరీక్షలు దారి తప్పించిన ఒక కేసు

ఈ కేసులోని మహిళను గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను. వయసు, ఊరు, ఆసుపత్రుల వివరాలు ఇవ్వలేదు. పరీక్షల వరుసను, అంకెలను, మేము తీసుకున్న నిర్ణయాలను మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది.

నేపథ్యం

రెండోసారి గర్భవతి అయిన ఒక మహిళ పదో వారంలో మామూలు రక్త పరీక్షలకు ఒక ప్రైవేటు ల్యాబుకు వెళ్లింది. మొదటి కాన్పప్పుడు చేసిన హెచ్‌ఐవీ పరీక్ష నెగటివ్. ఈసారి నాలుగో తరం ఎలీసా అనే పరీక్షలో రియాక్టివ్ అని, అంటే హెచ్‌ఐవీ ఉండవచ్చని వచ్చింది, రియాక్టివ్ అనడానికి హద్దయిన కటాఫ్ 1.0 అయితే ఆమె సీరం విలువ 1.8. ల్యాబు వారు ఆ సంగతి ఆమెతో చెప్పకుండా భర్తకు ఫోన్ చేసి చెప్పారు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఇలా చేయకూడదని స్పష్టంగా చెబుతున్నా మన దగ్గర ఇది ఇంకా జరుగుతూనే ఉంది. భర్త మర్నాడే తాను కూడా పరీక్ష చేయించుకున్నాడు. నెగటివ్ వచ్చింది.

పదకొండో వారంలో ఎవరో సలహా ఇస్తే వెస్టర్న్ బ్లాట్ చేయించారు. 'అనిశ్చితం' అని రిపోర్టు వచ్చింది. అనిశ్చితం అంటే ఏమిటో చెప్పేవారు లేక, పదమూడో వారంలో మరో ల్యాబులో పీసీఆర్‌తో, రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ చేయించారు. 'వైరస్ ఆర్ఎన్ఏ కనిపించింది, మిల్లీలీటరుకు 40 కాపీల కంటే తక్కువ' అన్నది దాని ఫలితం. పద్నాలుగో వారంలో ఈ మూడు కాగితాలతో ఆమెను చూస్తున్న స్త్రీ వైద్య నిపుణురాలు ఆమెను మా ల్యాబుకు పంపారు.

మా ముందున్న ప్రశ్న

కౌన్సెలింగ్ గదిలో భర్త అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "మేడం, మూడింట్లో రెండు ఉందంటున్నాయి, ఒకటి తేల్చలేదు. ఇంకా అనుమానం ఎందుకండీ?" ఆయన మూడు పరీక్షలను మూడు ఓట్లుగా లెక్కపెట్టారు. ఆ మాటకొస్తే కాగితాలు పంపిన డాక్టరుగారూ అలాగే లెక్కపెట్టారు, మొదటి రోజు నేనూ దాదాపు అలాగే లెక్కపెట్టాను. ఆ మూడు పరీక్షలను అడిగిన ప్రశ్న ఒకటి కాదు కనుక ఆ లెక్క కుదరదు.

ఎలీసాలో ప్లాస్టిక్ వెల్ అడుగున హెచ్‌ఐవీ ప్రొటీన్లను ముందే అంటించి ఉంచుతారు. సీరంలో వాటికి సరిపడే యాంటీబాడీలు ఉంటే పట్టుకుంటాయి. కడిగాక మిగిలిన వాటిని ఎంజైము తగిలించిన మరో ప్రొటీను పట్టుకుంటుంది. చివర్లో వేసే ద్రావకానికి రంగు వస్తుంది, యాసిడ్‌తో ఆపితే పసుపవుతుంది, దాన్ని 450 నానోమీటర్ల దగ్గర చదువుతారు. నాలుగో తరం కిట్లలో దీనితో పాటు వైరస్ లోపలి పీ24 ప్రొటీనును నేరుగా పట్టుకునే యాంటీబాడీలు కూడా అదే వెల్‌లో ఉంటాయి. అంటే ఆ పసుపు రంగు 'ఇక్కడ ఏదో రెండింటికీ మధ్య వంతెన కట్టింది' అని చెబుతుంది, అంతే. వంతెన కట్టింది హెచ్‌ఐవీ యాంటీబాడీయా, పీ24 ప్రొటీనా, గర్భంలోనో ఏదో జ్వరం తర్వాతో పుట్టిన, దేనికైనా కాస్త అంటుకునే యాంటీబాడీయా అన్నది ఆ రంగుకు తెలియదు.

వెస్టర్న్ బ్లాట్ అదే యాంటీబాడీలను విడివిడిగా చూపిస్తుంది. వైరస్ ప్రొటీన్లను పరిమాణం ప్రకారం విడగొట్టి సన్నని నైట్రోసెల్యులోజ్ స్ట్రిప్ మీద వరుసగా దించి ఉంచుతారు. సీరం ఏ ప్రొటీనును పట్టుకుంటే అక్కడ గీత పడుతుంది. పాజిటివ్ అనడానికి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాడిన ప్రమాణం ప్రకారం పీ24, జీపీ41, జీపీ120/160 అనే మూడు వైరస్ ప్రొటీన్లలో కనీసం రెండు గీతలు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం వైరస్ పైపొరకు చెందిన రెండు గీతలు కావాలి. ఒక్క గీత కూడా లేకపోతే నెగటివ్. మధ్యలో ఏది వచ్చినా అనిశ్చితమే. ఈ మహిళ స్ట్రిప్ మీద ఒకే ఒక గీత, అదీ పీ24 దగ్గర.

పీసీఆర్ యాంటీబాడీల జోలికే పోదు. వైరస్ జన్యుపదార్థంలో ఒక చిన్న ముక్కను వెతికి, ఒక్కో చక్రంలో రెట్టింపు చేస్తూ పోతుంది. దాని బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి. ట్యూబులో ఉన్న ముక్కను అది పట్టుకుంటుంది గానీ, ఆ ముక్క మనిషి ఒంట్లోంచి వచ్చిందా, దారిలో చేరిందా అన్నది దానికి పట్టదు.

మొదట చేసింది, అందులో పొరపాటు

కొత్తగా రక్తం తీసి, మొదటి ల్యాబు వాడిన అదే కంపెనీ కిట్‌తో మూడు వెల్స్‌లో ఎలీసా పెట్టాను. పక్క వెల్స్‌లో బలమైన పాజిటివ్ సీరం లేకుండా చూశాను, సీరంలో ఫైబ్రిన్ ముక్కలు మిగలకుండా మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేశాను, వాషర్ సూదులు తనిఖీ చేశాను. చిందిన చుక్క వల్లో సరిగా కడగకపోవడం వల్లో వచ్చిన రంగయితే ఈ దశలో పోవాలి. పోలేదు. 1.7, 1.9, 1.8 వచ్చాయి.

ఆ సాయంత్రం డాక్టరుగారికి ఫోన్ చేసి "మళ్లీ మళ్లీ రియాక్టివే వస్తోంది" అన్నాను. ల్యాబు భాషలో ఆ మాటకు 'పనితనం లోపం కాదు' అన్నంత వరకే అర్థం. ఆవిడకు మాత్రం 'ధ్రువపడింది' అని వినిపించింది. దేనికైనా అంటుకుని అలా అడ్డుపడే యాంటీబాడీ సీరంలోనే ఉన్నప్పుడు అదే కిట్ దాన్ని వందసార్లయినా అంతే నమ్మకంగా పట్టుకుంటుందని ఫోన్ పెట్టేశాక గానీ నాకు తట్టలేదు. అప్పటికే ఆవిడ ఆ రాత్రి నుంచే మందులు మొదలుపెట్టాలని నిర్ణయించారు.

ఆ నిర్ణయాన్ని తప్పనలేను. గర్భిణికి హెచ్‌ఐవీ నిజంగా ఉంటే మందులు ఎంత ముందు మొదలైతే బిడ్డకు అంత రక్షణ. కానీ మందు పడ్డాక వైరస్ ఆర్ఎన్ఏ త్వరగా పడిపోతుంది, కొత్త ఇన్ఫెక్షన్ అయితే యాంటీబాడీలు ఎదగడం కూడా మందగించవచ్చు. అప్పుడు ఏ పరీక్షా మళ్లీ సూటిగా జవాబు చెప్పలేదు, ఆ మహిళ జీవితాంతం మందులు మింగుతూ తనకు జబ్బు ఉందో లేదో తెలియకుండా మిగిలిపోవచ్చు. పద్నాలుగో వారంలో మూడు రోజుల ఆలస్యం వల్ల కలిగే నష్టం దీనితో పోలిస్తే చిన్నది. అందుకే డాక్టరుగారికి మళ్లీ ఫోన్ చేసి, నా మాటను సరిదిద్దుకుని, మొదటి మాత్రకు ముందు మరో రక్తనమూనా ఇమ్మని, మూడు రోజులు ఆగమని అడిగాను. వైరల్ లోడ్ అంకెగా లెక్కపెట్టగలిగినంత వస్తే అదే రోజు మందులు మొదలుపెట్టాలని ఇద్దరం ఒప్పుకున్నాం.

బ్లాట్ స్ట్రిప్‌ను మళ్లీ చూడటం

మొదటి బ్లాట్ చేసిన ల్యాబు స్ట్రిప్ ఫొటో పంపింది. రిపోర్టు చదివి ఊరుకుంటే ఇక్కడ చాలా విషయం చేజారిపోయేది. స్ట్రిప్ పైన సీరం పడిందని చూపే గీత ముదురుగా ఉంది, అంటే పరీక్ష సరిగానే నడిచింది. పీ24 దగ్గర గీత ఉంది, కానీ పక్కనే పెట్టిన బలహీన పాజిటివ్ కంట్రోల్ స్ట్రిప్‌లోని అదే గీత కంటే పలచగా, పెన్సిలుతో గీసి రబ్బరుతో సగం చెరిపినట్టుంది. జీపీ41, జీపీ120, జీపీ160 దగ్గర నీడ కూడా లేదు.

మేము అదే సీరంతో కొత్త బ్లాట్ పెట్టాం. రంగు ద్రావకంలో ఎక్కువసేపు ఉంచితే లేని గీతలు కూడా నీడల్లా తేలతాయి కనుక కిట్ చెప్పిన సమయానికి ఒక్క నిమిషం కూడా మించనివ్వలేదు. మళ్లీ అదే పలచటి పీ24 గీత, ఇంకేమీ లేదు. దాన్ని చూసి మా టెక్నీషియన్ "మేడం, ఇది ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగింది. ఉన్నట్టే. అయితే హెచ్‌ఐవీ సోకనివారిలో బ్లాట్ అనిశ్చితంగా వచ్చినప్పుడు ఎక్కువగా కనిపించే ఒంటరి గీత పీ24దే. అది ఒక్కటే ఉంటే ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. ఆ దశలో బ్లాట్ మీద పెట్టిన డబ్బు, మనోవేదన రెండూ వృథా అని నా అభిప్రాయం. అనుమానం ఇన్ఫెక్షన్ కొత్తదేమోనన్నది. మూడింటిలో అన్నిటికంటే ఆలస్యంగా పాజిటివ్ అయ్యేది బ్లాటే. 2014లో సీడీసీ తన పరీక్షల వరుసలోంచి బ్లాట్‌ను తీసేయడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

ఏ కథ అన్నిటికీ సరిపోతుంది?

ఇక్కడ ఓట్లు లెక్కపెట్టడం మానేశాం. ఆమెకు నిజంగా ఏం జరిగి ఉండవచ్చో ఒక్కొక్క కథగా రాసుకుని, ఆ కథ నిజమైతే మూడు పరీక్షలూ ఎలా రావాలో పక్కన రాసుకున్నాం.

పాత ఇన్ఫెక్షన్ అయితే ఎలీసా విలువ కటాఫ్‌కు ఎన్నో రెట్లు ఉండాలి, బ్లాట్ నిండా గీతలుండాలి. రెండూ లేవు. మందులు లేకుండానే వైరస్‌ను అదుపులో ఉంచుకునే అరుదైన మనుషులుంటారు, వారిలో వైరల్ లోడ్ ఇలాగే అట్టడుగున ఉంటుంది; కానీ వారి యాంటీబాడీలకు లోటుండదు, బ్లాట్ నిండుగానే ఉంటుంది. కనుక అదీ కాదు.

నన్ను భయపెట్టింది మూడో కథ, కొత్త ఇన్ఫెక్షన్. మా దగ్గర యాంటీబాడీని మాత్రమే చూసే మూడో తరం ఎలీసా, వేరే సూత్రంతో పనిచేసే కార్డు పరీక్ష రెండూ ఉన్నాయి. వాటి యాంటిజెన్లు వేరు, తయారీ వేరు. ఆమె సీరం ఆ రెండింటిలోనూ నెగటివ్. మూడో తరం ఎలీసాలో విలువ 0.2. లక్షణాలు లేని వ్యక్తికి మన ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాలైన ఐసీటీసీల్లో పాటించే మూడు పరీక్షల పద్ధతిలో మొదటిది రియాక్టివ్ అయి, తర్వాతి రెండూ కాకపోతే నెగటివ్‌గా రిపోర్టు చేస్తారు. కానీ నాలుగో తరం కిట్ రియాక్టివ్, యాంటీబాడీ కిట్లు నెగటివ్ అన్న పొందిక సరిగ్గా కొత్త ఇన్ఫెక్షన్ మొదటి వారాల్లోనూ వస్తుంది. అప్పుడు రక్తంలో పీ24 ప్రొటీను ఉంటుంది, యాంటీబాడీ ఇంకా పుట్టి ఉండదు. పక్కన పీసీఆర్ 'కనిపించింది' అంటుంటే దీన్ని కొట్టిపారేయడానికి ధైర్యం చాలదు.

దీన్ని తేల్చింది రెండు విషయాలు. మొదటిది పరిమాణం. సోకాక ముందుగా ఆర్ఎన్ఏ కనిపిస్తుంది, కొద్ది రోజులకు పీ24, ఆ తర్వాత యాంటీబాడీ. పీ24 ఎలీసాకు అందేంత పెరిగిందంటే అప్పటికి ఆర్ఎన్ఏ మిల్లీలీటరుకు వేలల్లో, తరచుగా లక్షల్లో ఉండాలి. 40 లోపు కాపీలతో పీ24 వల్ల ఎలీసా రియాక్టివ్ కావడమన్నది కుదిరే పని కాదు. రెండోది కాలం. మొదటి ఎలీసాకూ మాదానికీ మధ్య నాలుగు వారాలు గడిచాయి. నిజంగా కొత్త ఇన్ఫెక్షనే అయితే ఈ నాలుగు వారాల్లో 1.8 కాస్తా ఎక్కడికో ఎగబాకాలి, యాంటీబాడీ కిట్లు తిరగబడాలి, బ్లాట్ మీద రెండో గీత రావాలి. ఏదీ కదల్లేదు. కొత్త ఇన్ఫెక్షన్‌లో ఫలితాలు వారం వారం మారుతుంటాయి, అడ్డుపడే యాంటీబాడీ వల్ల వచ్చినవి ఉన్నచోటే ఉంటాయి.

హెచ్‌ఐవీ-2 సంగతీ మిగిలింది. అది మన దేశంలో అరుదే అయినా ఉంది, మామూలు హెచ్‌ఐవీ-1 పీసీఆర్‌కు అది అందదు, హెచ్‌ఐవీ-1 బ్లాట్ మీద అనిశ్చితంగానే కనిపించవచ్చు. కాబట్టి రెండింటినీ వేరుచేసే పరీక్ష కూడా చేశాం. రెండూ నెగటివ్.

ఇక మిగిలింది ఆ పీసీఆర్ రిపోర్టు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే.

ట్యూబు నడిచిన దారి

ఆ ల్యాబులోని పరిచయస్తుడిని ఆ ట్యూబు ఆ రోజు ఏయే బల్లల మీదుగా వెళ్లిందని అడిగాను. ఆయన దాచలేదు. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసిన ట్యూబు ఆమె ఇచ్చింది ఒక్కటే. అది ముందు రక్తకణాలను లెక్కపెట్టే సీబీసీ మెషీనుకు వెళ్లింది, అక్కడ మెషీను ప్రోబ్ మూతలోంచి దిగి రక్తం పీల్చుకుంది. ఆ తర్వాతే ట్యూబు మాలిక్యులర్ విభాగానికి చేరింది, అక్కడ ప్లాస్మా వేరుచేసి పీసీఆర్ పెట్టారు. సీబీసీ వరుసలో ఆమెకు రెండు ట్యూబుల ముందు ఉన్నది, వైరల్ లోడ్ కోసమే వచ్చిన, ఇంకా మందులు మొదలుకాని ఒక రోగి ట్యూబు. ఆ రోగి వైరల్ లోడ్ 5 లక్షలు దాటింది.

సీబీసీ ప్రోబ్ ప్రతి ట్యూబుకూ మధ్య కడుక్కుంటుంది. కణాల లెక్కకు ఆ కడుగుడు చాలు. ముందు వెళ్లిన ట్యూబు రక్తం పదివేలో వంతు అంటుకుని వచ్చినా హిమోగ్లోబిన్ అంకె మారదు. కానీ మిల్లీలీటరుకు 5 లక్షల కాపీల్లో పదివేలో వంతు అంటే 50 కాపీలు. పీసీఆర్‌కు అంతకంటే తక్కువ చాలు. ఇదే జరిగిందని నేను రుజువు చేయలేను, ఆ ట్యూబులో ప్లాస్మా మిగల్లేదు. పీసీఆర్ గదిలోనే కలుషితమై ఉండవచ్చు కూడా. ఏదైనా, ఆ ఫలితాన్ని ఆ ట్యూబు మీద నమ్మే వీలు లేకుండా పోయింది.

మేము కొత్తగా తీసిన ట్యూబును వేరే ఏ మెషీనుకూ ఇవ్వలేదు. మూత మొదటిసారి తెరుచుకున్నది మాలిక్యులర్ విభాగంలోని సేఫ్టీ క్యాబినెట్‌లోనే. రెండు ట్యూబులు, రెండు వేర్వేరు రోజుల రన్‌లు. ఒకసారి నెగటివ్ వస్తే ఎందుకు సరిపెట్టుకోలేదంటే, పరీక్ష పట్టుకోగల కనీస హద్దుకు కిందున్న నమూనా ఒక రన్‌లో దొరికి, మరో రన్‌లో జారిపోవడం మామూలే. కాబట్టి ఒక్క 'లేదు' మొదటి 'ఉంది'ని పూర్తిగా చెరపలేదు. రెండింటిలోనూ లోపలి కంట్రోల్ సరిగా పెరిగింది, అంటే రక్తంలోని ఏ పదార్థమూ పీసీఆర్‌ను అడ్డుకోలేదు. రెండింటిలోనూ వైరస్ ఆర్ఎన్ఏ లేదు. మూడో రోజు సాయంత్రం డాక్టరుగారు మందుల చీటీ చించేశారు.

భర్తకు వేసి చూపిన లెక్క

ఇంత పెద్ద కిట్ తప్పు చెప్పడమేమిటని ఆయన అడిగినప్పుడు ఒక కాగితం మీద లెక్క వేశాను. పరీక్షకు వచ్చే 10,000 మంది గర్భిణుల్లో వెయ్యికి ఇద్దరి చొప్పున 20 మందికి హెచ్‌ఐవీ ఉందనుకుందాం, కిట్ ఆ 20 మందినీ పట్టుకుంటుంది. లేని 9,980 మందిలో కిట్ 99.5 శాతం మందికి సరిగా లేదని చెబుతుందనుకుంటే, మిగతా అర శాతం, అంటే దాదాపు 50 మంది తప్పుగా రియాక్టివ్ అవుతారు. రియాక్టివ్ కాగితం పట్టుకుని బయటికి వచ్చే 70 మందిలో నిజంగా జబ్బున్నది 20 మందికే. కిట్ చెడ్డది కాదు. లేనివారు అంత ఎక్కువమంది ఉన్నచోట మంచి కిట్ అయినా అంతే చేస్తుంది. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. విలువ కటాఫ్‌కు దగ్గరగా 1.8 దగ్గర ఉన్నవారు ఎక్కువగా ఆ 50 మందిలోనే ఉంటారని కూడా చెప్పి ఉండాల్సింది, ఆ మాట మరిచిపోయాను.

తర్వాత మారినవి

మా రిపోర్టులో ఇప్పుడు రియాక్టివ్ అన్న మాటతో పాటు విలువ, కటాఫ్, కిట్ ఏ తరానిదో, ఏయే వాటిని పట్టుకుంటుందో రాస్తున్నాం. మన వైపు డాక్టర్లు కార్డు పరీక్షనూ, కెమిల్యూమినెసెన్స్‌నూ, ప్లేటు పరీక్షనూ కలిపి 'ఎలీసా' అనడం అలవాటు కనుక ఈ వివరం లేకపోతే రెండు రిపోర్టులను పోల్చడం వీలుకాదు. 'మళ్లీ మళ్లీ రియాక్టివ్' అని ఫోన్లో చెప్పడం మానేశాను. అదే కిట్‌తో వచ్చిందా, వేరే కిట్‌తో వచ్చిందా చెబుతున్నాను. పీసీఆర్ ట్యూబును విడిగా తీసి, మూతకు ఎర్ర టేపు చుట్టి పంపుతున్నాం. ఆ టేపు తెగి ఉంటే నమూనాను తిప్పి పంపుతాం. బయటి క్లినిక్కుల నుంచి సీబీసీ అయిపోయిన ట్యూబు వైరల్ లోడ్ కోసం రావడం మాత్రం ఇంకా ఆగలేదు.

ఆమె సీరంలో ఏ యాంటీబాడీ ఆ కిట్‌ను మోసం చేసిందో మేము కనుక్కోలేకపోయాం. నాలుగు వారాలకు, మూడు నెలలకు మళ్లీ పరీక్షించాం. ఆర్ఎన్ఏ లేదు, యాంటీబాడీ కిట్లు నెగటివ్, భర్త కూడా నెగటివే. ఏ కిట్‌లో ఎంత విలువ వచ్చింది, ఏ పరీక్షలతో తేల్చాం అన్న వివరాలతో ఒక ఉత్తరం రాసి ఆమె చేతికిచ్చాం, ఎందుకంటే మరోసారి ఆపరేషన్‌కో కాన్పుకో వెళ్లినప్పుడు అదే కిట్ మళ్లీ రియాక్టివ్ అనే అవకాశముంది. కాన్పు మామూలుగా జరిగింది. ఆ తర్వాత ఆరు నెలలకు వచ్చినప్పుడు అదే ఎలీసాలో విలువ 0.7కు దిగింది. బ్లాట్ మీద ఆ పలచటి పీ24 గీత మాత్రం అలాగే ఉంది.